బలమైన ప్రాసెసర్, బక్క బోర్డు: ఆటలో వేగం ఎక్కడ తగ్గుతుంది?

ఆట మొదలైన అర నిమిషం దాకా అంతా బాగుంటుంది. తెర మూలన ఎఫ్‌పీఎస్ 160 చూపిస్తుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే 140కి జారి అక్కడే ఉండిపోతుంది. ఇంకో కంప్యూటర్‌లో అదే ఆట పావుగంట సాఫీగా నడిచి, హఠాత్తుగా ఒక సెకను బిగుసుకుపోయి, మళ్లీ పరుగెత్తి, మళ్లీ బిగుసుకుపోతుంది. రెండు చోట్లా సరంజామా ఒకటే: గట్టి ప్రాసెసర్, దాని కింద చవక మదర్‌బోర్డు, పైన ప్రాసెసర్ డబ్బాలోనే వచ్చిన చిన్న కూలర్. రెండు చోట్లా చెప్పే కారణమూ ఒకటే: "బోర్డు వీఆర్‌ఎం చాలట్లేదు."

మొదటి కంప్యూటర్ విషయంలో ఆ మాట దాదాపు ఖాయంగా తప్పు. అక్కడ వీఆర్‌ఎం, అంటే బోర్డు మీద ప్రాసెసర్‌కు తగ్గ కరెంటు అందించే భాగం, వేడెక్కలేదు, కూలర్ కూడా చేతులెత్తేయలేదు. బయోస్‌లో ఉన్న ఒక అంకె తన పని తాను చేసింది, అంతే. రెండో కంప్యూటర్‌లో మాత్రం నిజంగానే వీఆర్‌ఎం దోషి కావచ్చు. ప్రాసెసర్‌ను వెనక్కి లాగేవి ఇలా మూడున్నాయి: బోర్డు పెట్టిన వాట్ల పరిమితి, కూలర్ సామర్థ్యం, వీఆర్‌ఎం వేడి. ఎఫ్‌పీఎస్ సగటు మాత్రమే చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. కానీ మూడూ లాగే తీరు వేరు, చేసే నష్టం వేరు, మందు వేరు.

ఒక ఉదాహరణ పట్టుకుని లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 2022 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7-12700 ఇందుకు బాగా పనికొస్తుంది. ఎనిమిది పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు. పెద్ద కోర్లన్నీ కలిసి పరుగెత్తినప్పుడు 4.5 గిగాహెర్ట్జ్ అందుకుంటాయి. డబ్బాలో చిన్న కూలర్ వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంటెల్ దీనికి రెండు వాట్ల అంకెలు ఇచ్చింది: 65, 180. దీన్ని హెచ్610 చిప్‌సెట్ ఉన్న ఒక చవక బోర్డులో పెట్టామనుకుందాం. ప్రాసెసర్ కోర్లకు కరెంటు అందించే ఫేజ్‌లు నాలుగు, వాటి మీద హీట్‌సింక్ లేదు.

ముందు ఆ రెండు అంకెల సంగతి. బయోస్‌లో వీటిని PL1, PL2 అంటారు. PL2 అంటే కాసేపు వాడుకోదగ్గ గరిష్ఠం, ఇక్కడ 180 వాట్లు. PL1 అంటే ఎంతసేపైనా నిలకడగా వాడుకోదగ్గది, 65 వాట్లు. "కాసేపు" ఎంతసేపో నిర్ణయించే మూడో అంకె ఇంకొకటుంది, దాని పేరు Tau. 12700కి అది 28 సెకన్లు. చాలామంది దీన్ని స్టాప్‌వాచ్‌లా అర్థం చేసుకుంటారు: 28 సెకన్లు 180 వాట్లు, ఆపైన 65. అసలు పద్ధతి అది కాదు. ప్రాసెసర్ తాను వాడిన వాట్లకు ఒక కదిలే సగటును లెక్కగడుతూ పోతుంది. ఇటీవలి వాడకానికి అందులో బరువెక్కువ, పాతదానికి తక్కువ. ఆ సగటు 65 దాటనంతవరకు PL2 దాకా స్వేచ్ఛ. దాటబోతోందంటే క్లాక్ తగ్గించి సగటును 65 దగ్గరే పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు మన ఆటకు ఈ ప్రాసెసర్ నిలకడగా 90 వాట్లు కావాలనుకుందాం. కోర్లను బాగా వాడుకునే ఆటలో అది సహజమైన అంకె. ఆటకు ముందు ఖాళీగా ఉన్నప్పుడు సగటు 15 వాట్లు. అప్పుడు సగటు ఇలా పెరుగుతుంది:

```
P(t) = 90 - 75 × e^(-t/28)
```

ఇది 65కి చేరేది సుమారు 31వ సెకనులో. ఎఫ్‌పీఎస్ 160 నుంచి 140కి జారిన "అర నిమిషం" ఇదే. అదే ప్రాసెసర్‌ను అన్ని కోర్లూ మండే రెండరింగ్ పనికి పెట్టి 180 వాట్లు లాగిస్తే సగటు పది సెకన్లకే 65 దాటేస్తుంది. అంటే 28 అని రాసి ఉన్నా, గట్టి పనిలో స్వేచ్ఛ దక్కేది పదే సెకన్లు. ఆటల్లో ఇంకో మెలిక ఉంది. ఆట తెరుచుకునేటప్పుడు షేడర్లు, అంటే గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు, కంపైల్ చేసే దశ అన్ని కోర్లనూ ఒకేసారి వాడేస్తుంది. దాంతో అసలు ఆట మొదలయ్యేలోపే ఖాతా ఖాళీ అయిపోతుంది. అలాంటి ఆటలో మొదటి ఫ్రేమ్ నుంచే 65 వాట్ల బతుకు. వేగం తగ్గడం అక్కడ కనిపించనే కనిపించదు, ఎందుకంటే ఎక్కువ వేగం ఎప్పుడూ రాలేదు.

ఈ 65 బోర్డు తయారీదారు చేసిన మోసమా అంటే, కాదు. ప్రాసెసర్ నిలకడ హామీగా ఇంటెల్ చెప్పింది 65 వాట్లనే. దాని మీద వచ్చే టర్బో అదనం, అది బోర్డు ఇస్తే వస్తుంది. ఖరీదైన బోర్డుల్లో చాలావాటికి PL1ను ముందే PL2తో సమానంగానో, దాదాపు హద్దు లేకుండానో పెట్టి పంపుతారు. చవక బోర్డులు ఇంటెల్ అంకె దగ్గరే ఉంచుతాయి. సమీక్షల్లో చూసిన 12700కి, ఇంట్లో వచ్చిన 12700కి తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ఒకే ప్రాసెసర్, రెండు రకాల బోర్డు సెట్టింగ్‌లు.

మరి నష్టమెంత? 90 కావలసిన చోట 65 దొరికితే వేగం కూడా 28 శాతం పడిపోతుందని అనిపిస్తుంది. పడదు. ప్రాసెసర్ వాడే 90లో పదిహేను వాట్ల దాకా మెమరీ కంట్రోలర్, క్యాష్ లాంటి కోర్లు కాని భాగాలకు పోతాయనుకుంటే, కోర్లకు 75 ఉండేది 50 అవుతుంది. అంటే మూడింట రెండొంతులు. కానీ క్లాక్ తగ్గినప్పుడు వోల్టేజీ కూడా తగ్గుతుంది, ఖర్చయ్యే పవర్ వోల్టేజీ వర్గంతో పాటు నడుస్తుంది. అందుకని పైఅంచున చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్‌లే అతి ఖరీదు. ఈ రకంగా లెక్కవేస్తే 4.5 గిగాహెర్ట్జ్ ఉన్నది 3.9 దరిదాపులకు వస్తుంది, 13 శాతం తక్కువ. ఆటలో ఎఫ్‌పీఎస్ అంత కూడా పడదు, ఎందుకంటే ప్రాసెసర్ సమయంలో కొంత భాగం మెమరీ కోసం ఎదురుచూడటానికే పోతుంది, ఆ ఎదురుచూపు క్లాక్‌తో పాటు మారదు. 160 ఇచ్చే ప్రాసెసర్ 140, 145 ఇస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు ఆ ఆటలో 100 ఫ్రేమ్‌లే గీయగలిగితే ఈ తేడా ఎవరికీ తెలియదు. ఇది చిన్న మాటలా ఉంటుంది గానీ, చవక బోర్డుల మీద వచ్చే సగం ఫిర్యాదులకూ, సగం సమర్థనలకూ ఇదే మూలం. 1080పీలో తక్కువ సెట్టింగ్‌లతో పోటీ ఆటలు ఆడేవాళ్లకు ప్రాసెసర్ గోడ తగులుతుంది. 4కేలో అన్నీ అల్ట్రాలో పెట్టుకునేవాళ్లకు గ్రాఫిక్స్ కార్డు గోడే ముందు తగులుతుంది. ఇద్దరూ తమ అనుభవమే చెబుతారు, ఇద్దరూ నిజమే చెబుతారు.

ఇప్పుడు బయోస్‌లోకి వెళ్లి PL1ను 180కి పెంచామనుకుందాం. చాలా హెచ్610 బోర్డులు దీన్ని ఒప్పుకుంటాయి. కొన్నిట్లో ఆ మెనూనే దాచేస్తారు. ఒప్పుకుంటే మొదటి కళ్లెం పోయినట్టే. ఇక అడ్డొచ్చేది కూలర్.

కూలర్‌కు ఒకే లెక్క: ఒక్కో వాటుకు ప్రాసెసర్ ఎన్ని డిగ్రీలు పెరుగుతుంది. చిప్ నుంచి గాలి దాకా మొత్తం దారిలో వాటుకు 0.7 డిగ్రీలు అనుకుందాం, చిన్న స్టాక్ కూలర్‌కు ఇది ఉండదగ్గ అంకె. క్యాబినెట్ లోపలి గాలి 35 డిగ్రీలుంటే, 65 వాట్ల దగ్గర ప్రాసెసర్ 80 డిగ్రీల దగ్గర ఆగుతుంది. 90 వాట్లకు 98. ఈ ప్రాసెసర్ హద్దు 100. అంటే అంచు మీద నడక. అయితే ఆట ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు కూడా రెండు వందల వాట్ల పైన వేడిని అదే క్యాబినెట్‌లోకి వదులుతుంది. లోపలి గాలి 42కి చేరిందంటే 90 వాట్లకు 105 కావాలి, అది జరగనివ్వరు. ప్రాసెసర్ తన వాడకాన్ని 83 వాట్ల దగ్గరికి దించుకుంటుంది, 100 మీద కూర్చుంటుంది.

ఇక్కడే చాలామంది ఊహ తప్పుతుంది. "థ్రాట్లింగ్" అనగానే ఆట కుప్పకూలినట్టు ఊహించుకుంటారు. 90 నుంచి 83కి దిగితే క్లాక్ 4.5 నుంచి సుమారు 4.35కి దిగుతుంది, మూడున్నర శాతం. తెర మీద ఆ తేడాను కంటితో పట్టుకోవడం కష్టం. కూలర్ చాలకపోవడం వల్ల వచ్చే థ్రాట్లింగ్ మెత్తనిది, ఎందుకంటే ప్రాసెసర్ తన వేడిని తానే సెకనుకు ఎన్నోసార్లు కొలుచుకుంటూ అవసరమైనంతే తగ్గుతుంది. స్టాక్ కూలర్ చేసే అసలు హాని చెవులకు: చిన్న ఫ్యాన్ పూర్తి వేగంతో గీపెడుతూ ఉంటుంది. మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆటలో పని కొన్ని కోర్ల మీదే కుప్పపడుతుంది కాబట్టి అదే 90 వాట్లు రెండరింగ్‌లో కంటే ఆటలో ఒకట్రెండు కోర్లను ఎక్కువ వేడెక్కిస్తాయి. మొత్తం వాట్లు తక్కువ చూపిస్తూ ఒక కోర్ మాత్రం వందకు తగలడం అందుకే.

ఒక విచిత్రం ఏమిటంటే, PL1 65 దగ్గరే ఉన్నంతకాలం ఈ కూలర్‌కు పరీక్షే లేదు. 80 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది. దాన్ని తీసి పెద్ద టవర్ కూలర్ పెట్టినా ఒక్క ఫ్రేమ్ పెరగదు. అంకెల్లో డిగ్రీలు తగ్గుతాయి, ఎఫ్‌పీఎస్ అక్కడే ఉంటుంది. "కూలర్ మార్చాను, ఏమీ మారలేదు" అనే మాట వెనక సాధారణంగా ఈ 65 ఉంటుంది.

మూడోది వీఆర్‌ఎం. మిగతా రెండిటికంటే దీని మీద మాటలెక్కువ. వాటిలో కొన్ని మాత్రం నిజం.

పవర్ సప్లై నుంచి బోర్డుకు 12 వోల్టులు వస్తాయి. ప్రాసెసర్ కోర్లకు కావలసింది వోల్టుకు కాస్త అటూ ఇటూ. ఆ దించే పని వీఆర్‌ఎందే. ప్రతి ఫేజ్‌లో మాస్‌ఫెట్లు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ కరెంటును ముక్కలు చేస్తాయి, ఇండక్టరూ కెపాసిటర్లూ ఆ ముక్కలను నున్నగా కలుపుతాయి. వోల్టేజీ తగ్గితే కరెంటు పెరగాలి. 65 వాట్లు 1.1 వోల్ట్ దగ్గర అంటే సుమారు 60 ఆంపియర్లు. నాలుగు ఫేజ్‌లు పంచుకుంటే తలా 15. 180 వాట్లు 1.2 వోల్ట్ దగ్గర 150 ఆంపియర్లు, తలా 37.5. కరెంటు రెండున్నర రెట్లయింది. కానీ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, కాబట్టి వేడి ఆరు రెట్లు దాటుతుంది. ఒక్కో ఫేజ్ దారిలో 4 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఉందనుకుంటే, 65 వాట్ల దగ్గర ఫేజ్‌కు 0.9 వాట్ వేడి, నాలుగింటికీ కలిపి మూడున్నర. 180 దగ్గర ఫేజ్‌కు 5.6, మొత్తం 22 పైన. స్విచింగ్ నష్టాలు దీనికి అదనం. హీట్‌సింక్ లేని నాలుగు ఫేజ్‌లు ఇరవై రెండు వాట్లను బోర్డు రాగి పొరలోకి, చుట్టూ ఉన్న గాలిలోకి వదలాలి. ఎక్కువసేపు వదలలేవు. పైగా వేడెక్కిన మాస్‌ఫెట్ నిరోధం ఇంకా పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

మరి ఆటలో? 90 వాట్ల దగ్గర ఫేజ్‌కు 19, 20 ఆంపియర్లు, ఒకటిన్నర వాట్ వేడి, మొత్తం ఆరు. హీట్‌సింక్ లేకపోయినా కాస్త గాలి తగిలితే ఇది భరించదగ్గదే. రెండరింగ్ పరీక్షలో కుప్పకూలే బోర్డు ఆటలో నిలబడుతుందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వర్గం లెక్క రెండు వైపులా పనిచేస్తుంది. కోర్లన్నిటినీ గంటసేపు మండించే పరీక్షలో ఒక బోర్డు ఫెయిలైందని చూసి, అది ఆటలకు కూడా పనికిరాదని తేల్చడం తొందరపాటు. మధ్యమధ్య మెమరీ కోసం ఆగే పని, ఆగకుండా లెక్కలు చేసే పని ఒకే క్లాక్ దగ్గర కూడా ఒకే కరెంటు లాగవు.

అయినా వీఆర్‌ఎం భయం ఉత్తదేమీ కాదు. కారణం, అది దెబ్బ కొట్టే తీరు. వీఆర్‌ఎం కంట్రోలర్‌కు దగ్గర్లో వేడి కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. హద్దు దాటితే అది ప్రాసెసర్‌కు ఒక సంకేతం పంపుతుంది, ప్రాసెసర్ దాన్ని బయటి నుంచి వచ్చిన PROCHOTగా, అంటే "వేడెక్కింది, తగ్గు" అనే హెచ్చరికగా, తీసుకుంటుంది. అప్పుడు కూలర్ విషయంలోలా కొంచెం కొంచెంగా తగ్గడం ఉండదు. ఎంత తగ్గితే సరిపోతుందో ప్రాసెసర్‌కు తెలియదు, ఎందుకంటే వేడెక్కింది తాను కాదు. కాబట్టి ఒక్కసారిగా అట్టడుక్కి, వెయ్యి మెగాహెర్ట్జ్ లోపలికి కూడా పడిపోతుంది. సంకేతం పోగానే మళ్లీ పైకి. మళ్లీ వేడి, మళ్లీ కిందికి. గ్రాఫ్‌లో ఇది రంపపు పళ్లలా కనిపిస్తుంది.

దీని దుర్మార్గం సగటులో దాక్కుంటుంది. పది సెకన్లలో తొమ్మిది సెకన్లు 140 ఎఫ్‌పీఎస్, ఒక సెకను 25 అనుకుందాం. మొత్తం 1285 ఫ్రేమ్‌లు, సగటు 128. చూస్తే ఎనిమిది శాతం నష్టమే, PL1 చేసిన నష్టం కంటే తక్కువలా ఉంది. కానీ 1285లో ఒక శాతం అంటే 13 ఫ్రేమ్‌లు. ఆ 25 నత్త ఫ్రేమ్‌లలోనే అవి వచ్చేస్తాయి. అందుకని "1% లో", అంటే అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల వేగం, 25కి పడుతుంది. ఒక్కో ఫ్రేమ్‌కు 7 మిల్లీసెకన్లు పడుతున్నది 40 అవుతుంది. ప్రతి పది సెకన్లకూ ఒకసారి గురి తప్పే ఆటను ఎవరూ ఆడలేరు. 65 వాట్ల దగ్గర 140తో స్థిరంగా నడిచే కంప్యూటర్ దీనికంటే వంద రెట్లు నయం.

చవక బోర్డు ఉన్నవాళ్లు తరచుగా ఈ రంపాన్ని తామే కొనితెచ్చుకుంటారు, అదీ బాగుచేద్దామని వెళ్లి. డబ్బాలో వచ్చే చిన్న కూలర్ గాలిని పైనుంచి కిందికి ఊదుతుంది. ఆ గాలి హీట్‌సింక్ రెక్కల్లోంచి దిగి బోర్డు మీద నలుదిక్కులా పరుచుకుంటుంది, పక్కనే ఉన్న మాస్‌ఫెట్ల మీదుగా పోతుంది. గోరువెచ్చని గాలే అయినా కదిలే గాలి. దాన్ని పీకేసి లిక్విడ్ కూలర్ పెడితే ప్రాసెసర్ మీద ఒక పంపు మిగులుతుంది, వీఆర్‌ఎం చుట్టూ గాలి ఆగిపోతుంది. అదే సమయంలో, PL1ను కూడా పెంచి ఉంటే, ప్రాసెసర్‌కు ఇక వేడి హద్దు తగలదు కాబట్టి PL2 దాకా నిరభ్యంతరంగా లాగుతుంది. గాలి తగ్గింది, కరెంటు పెరిగింది. షేడర్ల కంపైలింగ్ నాలుగు నిమిషాలు సాగే ఆటలో అది చాలు. స్టాక్ కూలర్ తన చేతకానితనంతోనే అంతకాలం వీఆర్‌ఎంను కాపాడుతూ వచ్చిందన్నమాట.

ఈ మూడింటిలో ఏది పట్టుకుందో తేల్చడం కష్టం కాదు, ఊహ మానేస్తే. HWiNFO అనే కొలత సాఫ్ట్‌వేర్ పెట్టి లాగింగ్ మొదలుపెట్టి, ఆటను కనీసం అరగంట నడపాలి. రిజల్యూషన్ తగ్గించి, గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతం లోపే ఉండేలా చూసుకోవాలి. లేకపోతే కొలిచేది కార్డును, ప్రాసెసర్‌ను కాదు. తర్వాత లాగ్‌లో మూడు గీతలు పక్కపక్కన చూడాలి: ప్యాకేజీ వాట్లు, ప్యాకేజీ ఉష్ణోగ్రత, క్లాక్. క్లాక్ విషయంలో మామూలు అంకె కంటే `Effective Clock` అనేదాన్ని నమ్మడం మేలు, అది నిజంగా జరిగిన పనిని చూపిస్తుంది.

వాట్లు 65 దగ్గర గీత గీసినట్టు ఆగి, ఉష్ణోగ్రత 80లోనే ఉంటే, అది PL1. ఇంటెల్‌లో పెర్ఫార్మెన్స్ లిమిట్ కారణాల కింద `IA: Package-Level RAPL/PBM PL1` ఎదురుగా `Yes` కనిపిస్తుంది. ఉష్ణోగ్రత 100 మీద గీత గీసి, వాట్లు నెమ్మదిగా కిందికి దిగుతుంటే కూలర్. ప్రాసెసర్ చల్లగా 65, 70 డిగ్రీల్లో ఉండి, వాట్లు కూడా హద్దుకు చాలా దూరంలో ఉండి, అయినా క్లాక్ దభీమని కింద పడుతుంటే మిగిలింది వీఆర్‌ఎం. అప్పుడు `IA: VR Thermal Alert` గానీ `IA: PROCHOT` గానీ వెలుగుతుంది. ఏఎండీ అయితే `Thermal Throttling (PROCHOT EXT)`. ఆ `EXT` అన్న అక్షరాల్లోనే నేరస్థుడు ప్రాసెసర్ బయట ఉన్నాడని రాసి ఉంది.

చవక బోర్డుల్లో వీఆర్‌ఎం ఉష్ణోగ్రత తెర మీద కనిపించకపోవడం మామూలే. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఏదైనా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమవైపున ఉన్న ఇండక్టర్ల వరుస మీదికి గురిపెట్టి, అదే ఆటను అదే చోట మళ్లీ ఆడాలి. రంపం మాయమైతే రుజువు దొరికినట్టే, మందు కూడా దొరికినట్టే. ఒక చిన్న ఫ్యాన్‌ను అక్కడే జిప్ టైతో కట్టేసినవాళ్లను చూసి నవ్వక్కర్లేదు. ఇంకో మందు ఇంతకంటే సులువు: PL1, PL2 రెండిటినీ ఆటకు సరిపోయే అంకె దగ్గర, మన ఉదాహరణలో 95, 100 దగ్గర, కలిపి కట్టేయడం. ఆటకు 90 చాలు కాబట్టి ఫ్రేమ్‌లు పోవు. షేడర్ల దశ కొంచెం ఎక్కువసేపు పడుతుంది. వీఆర్‌ఎం 22 వాట్ల వేడి బదులు ఏడెనిమిది దగ్గర ఆగిపోతుంది.

హద్దులు ఈ లెక్కకూ ఉన్నాయి. ప్రాసెసర్ ఐ9-13900కే లాంటిదైతే కథ మారుతుంది. దానికి PL2 253 వాట్లు. బరువైన ఆటల్లో కూడా వంద దాటి లాగుతుంది. హీట్‌సింక్ లేని నాలుగు ఫేజ్‌ల బోర్డు దాని కింద పెట్టాల్సిన వస్తువు కాదు, 100 వాట్లకు కట్టేస్తే ఆ ప్రాసెసర్ కొన్న ప్రయోజనమే పోతుంది. ఆటతో పాటు అదే ప్రాసెసర్ మీద వీడియో ఎన్‌కోడింగ్ నడిపి స్ట్రీమింగ్ చేసేవాళ్లకూ 90 అంకె చెల్లదు. ఆటకు ఖాళీగా మిగిలే కోర్లన్నీ అప్పుడు పనిలో పడతాయి.

రెండో అంచున ఏఎండీ రైజెన్ 7 7800ఎక్స్3డీ ఉంది. ఆటల్లో 2023లో వచ్చినవాటిలో అన్నిటికంటే ముందు నిలిచినవాటిలో ఇదొకటి, కానీ ఆడేటప్పుడు చాలా ఆటల్లో వంద వాట్లకు బాగా కిందే ఉంటుంది. స్పెసిఫికేషన్‌లో టీడీపీ, అంటే వాట్ల రేటింగ్, 120 అని ఉన్నా అంతే. అదనంగా పేర్చిన క్యాష్ వల్ల ఇది మెమరీ కోసం తక్కువ ఆగుతుంది, క్లాక్ మీద తక్కువ ఆధారపడుతుంది, వోల్టేజీకి కూడా గట్టి హద్దు ఉంది. ఆటకు సంబంధించినంతవరకు దీనికి బక్క వీఆర్‌ఎం పెద్ద అడ్డంకి కాదు. ఏఎండీ వాట్ల పరిమితికి ఇంటెల్ తరహా అర నిమిషం ఔదార్యం ఉండదు కాబట్టి, మొదటి నిమిషం ఎలా ఉందో ఇరవయ్యో నిమిషమూ దాదాపు అలాగే ఉంటుంది. కూలర్ మాత్రం దీనికి కాస్త మంచిదే కావాలి: క్యాష్ పొర కోర్లున్న చిప్ మీదే కూర్చుంటుంది, వేడి ఆ పైనున్న అదనపు సిలికాన్‌ను దాటుకుని బయటికి రావాలి, హద్దు కూడా 89 డిగ్రీలే. "బలమైన ప్రాసెసర్‌కు బలమైన బోర్డు" అనే సూత్రం ఈ చిప్ దగ్గర చెల్లదు. బోర్డుకు కావలసింది ప్రాసెసర్ పేరుకు తగ్గ బలం కాదు, అది లాగే ఆంపియర్లకు తగ్గ బలం.

చవక బోర్డు ఆటను నిజంగా కుంటిచేసే ఒక దారి వీఆర్‌ఎం గొడవలో పడి ఎవరి కంటా పడదు. హెచ్610లో మెమరీని ప్రామాణిక వేగం దాటించడం కుదరదు. స్లాట్లు రెండే. డబ్బు మిగుల్చుకుందామని చాలామంది ఒక్క స్టిక్ పెట్టి ఊరుకుంటారు, దాంతో మెమరీ దారి సగమవుతుంది. ఆటల్లో ప్రాసెసర్ ఎదురుచూసేది మెమరీ కోసమేనని పైన అనుకున్నాం కదా. లాగ్‌లో PL1 వెలగక, ఉష్ణోగ్రత 75 దాటక, క్లాక్ 4.5 మీదే నిలబడి, అయినా ఫ్రేమ్‌లు రాకపోతే, వీఆర్‌ఎం మీద ఫ్యాన్ పెట్టే ముందు రెండో స్లాట్ ఖాళీగా ఉందేమో చూడాలి.